తొలి తేదీ చెరపని రిజిస్టరు

మా అపార్ట్‌మెంటు భీమవరంలో ఉంది. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకు ఆరు చొప్పున ముప్పై ఫ్లాట్లు. 2024 ఆగస్టులో సంఘం కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించినప్పుడు బీరువా తాళాలతో పాటు పొడవాటి గట్టి అట్ట పుస్తకం ఒకటి చేతికి వచ్చింది. అది ఫిర్యాదుల రిజిస్టరు. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో నిలువు గీతలు గీసి వరుస సంఖ్య, తేదీ, ఫ్లాటు, ఫిర్యాదు, ఎవరికి అప్పగించాం, పూర్తయిన తేదీ, పట్టిన రోజులు అని ఏడు గడులు వేసి ఉన్నాయి. నాకు ముందు ఆ బాధ్యత చూసినాయన బ్యాంకులో పనిచేసి విరమించిన మనిషి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు, ఒక్క కొట్టివేత కూడా లేదు. అంత శ్రద్ధగా రాసిన పుస్తకం కూడా మా భవనంలో జరిగిన అతి పెద్ద నష్టాన్ని మాకు కనబడకుండా దాచింది. అది ఎలా జరిగిందో, దానిని ఆపడానికి రిజిస్టరులో ఏం మార్చామో, ఆ మార్పులను నేను ఇంత గట్టిగా ఎందుకు సమర్థిస్తున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను బాధ్యత తీసుకున్న మొదటి వారంలోనే, ఆగస్టు 19వ తేదీన, 302లో ఉండే పెద్దావిడ వాచ్‌మన్ చేత కబురు పంపారు. వెళ్లి చూస్తే పడకగదిలో స్నానాల గదికి ఆనుకుని ఉన్న గోడ పైభాగాన, చేయి వెడల్పున, రంగు పొరలు పొరలుగా లేచి ఉంది. వేలితో తాకితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. దాని వెనుక సిమెంటు పూత మెత్తగా, చల్లగా ఉంది. “ఏమండీ మాస్టారూ, ఇది నాలుగోసారండి. ప్రతిసారీ ఎవరో ఒకరు వస్తారు, బాగైపోయిందంటారు, పుస్తకంలో నా చేత సంతకం పెట్టించుకుంటారు. నెల తిరిగేసరికి గోడ మళ్లీ మొదటికొస్తుంది” అన్నారావిడ.

నేను కిందికి వచ్చి రిజిస్టరు తెరిచాను. 302 పేరిట మూడు పద్దులు దొరికాయి. 41వ సంఖ్య మార్చి 4న నమోదై 7న పూర్తయింది, మూడు రోజులు. 58వ సంఖ్య ఏప్రిల్ 10న నమోదై 15న పూర్తయింది, అయిదు రోజులు. 83వ సంఖ్య జూన్ 24న నమోదై 28న పూర్తయింది, నాలుగు రోజులు. సగటున నాలుగు రోజుల్లో పని ముగిసినట్టు లెక్క. ఏ సర్వసభ్య సమావేశంలో చదివినా చప్పట్లు కొట్టవలసిన లెక్క అది. కానీ ఆవిడ గోడ వైపు నుంచి లెక్కిస్తే మార్చి 4 నుంచి ఆగస్టు 19 దాకా 168 రోజులు. గోడ ఒకటే, చెమ్మ ఒకటే. పుస్తకం మాత్రం దానిని ముగిసిపోయిన మూడు చిన్న కథలుగా చెప్పింది.

ఇక్కడ మా నాన్నగారి ఉద్యోగం గురించి చెప్పాలి. ఆయన కాలువ లాకుల దగ్గర లస్కరు. పొద్దున్నే లాకు గోడకు బిగించిన గేజి రాతి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో వేయడం ఆయన పని. ఆ గేజి మీద సున్నా ఎక్కడ ఉండాలో ఒకసారి నిర్ణయించారంటే దానిని ఎవరూ జరపరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని రేడియోలో వినగానే లంకల్లోని మనిషి గొడ్లను ఎప్పుడు తోలుకుపోవాలో నిర్ణయించుకోగలుగుతున్నాడంటే, నిరుటి 11.75, ఈ ఏటి 11.75 ఒకే సున్నా నుంచి కొలిచినవన్న నమ్మకం ఉండబట్టే. వరద కాస్త తగ్గిందని ప్రతి సాయంత్రం సున్నాను నీటిమట్టానికి జరుపుకుంటూ పోతే ఏ రోజూ ప్రమాదం కనబడదు. మా రిజిస్టరులో జరిగింది సరిగ్గా అదే. ప్లంబరు వచ్చి వెళ్లిన ప్రతిసారీ మేము సున్నాను జరిపాము.

చెమ్మ అనేసరికి మన ప్రాంతంలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. నల్లరేగడి నేల, నాలుగడుగులు తవ్వితే నీళ్లు, చుట్టూ చెరువులు, కాబట్టి గోడ చెమర్చడం మామూలే అనుకుంటాం. పాత పెంకుటిళ్ల విషయంలో అది నిజమే. కానీ నేల చెమ్మ గోడలో పైకి ఎక్కగలిగేది సాధారణంగా మూడు నాలుగు అడుగులే. మూడో అంతస్తు గోడ పైభాగానికి నేల నుంచి నీరు రాదు. అది పైనుంచో, పక్కనుంచో రావాలి. మా బోరు నీళ్లు ఉప్పన కావడం వల్ల తెల్లటి పొడి మరింత ఎక్కువగా లేచి, చూసినవాళ్లంతా ‘ఇది మన ఊరి ఉప్పు’ అని తేల్చేశారు. ఉప్పు ఊరిదే కావచ్చు. దానిని గోడలోకి మోసుకొచ్చిన నీరు మాత్రం 402 స్నానాల గదిలోది.

ముందటి మూడు పద్దుల్లో ఏం చేశారో వాకబు చేశాను. మార్చిలో వచ్చిన ప్లంబరు 402లో వాష్‌బేసిన్ కింది వేస్టు పైపు వదులుగా ఉందని బిగించాడు. ఏప్రిల్లో మొదటివాడు దొరకక వేరే ప్లంబరు వచ్చాడు. టైళ్ల సందుల్లో తెల్ల సిమెంటు పట్టించి వెళ్లాడు. జూన్ చివర వానలు మొదలయ్యాయి కాబట్టి బయటి గోడ నుంచి నెమ్ము దిగుతోందని అనుకుని రంగుల మేస్త్రీ చేత నీరు పీల్చని రంగు వేయించారు. ముగ్గురూ తమకు చెప్పిన పని చేశారు. మొదటి ప్లంబరును నేను కలిసి అడిగితే అతను బాధపడ్డాడు: “ఆయ్, నన్ను రమ్మన్నారండి, వచ్చానండి. బిగించమన్నారండి, బిగించానండి. మళ్లీ చెమ్మ దిగిందని నాకెవరు చెప్పారండి? చెప్పుంటే అది పైపు కాదని అప్పుడే తెలిసిపోయేది కదండి.” అతని మాటలో తప్పేమీ లేదు. ‘ఎవరికి అప్పగించాం’ అన్న గడిలో మేము మూడుసార్లు రాసింది ‘ప్లంబరు’, ‘ప్లంబరు’, ‘పెయింటరు’. పేరు లేదు, ఏం చేశాడో లేదు, తర్వాత వచ్చినవాడికి ముందటివాడి పని చూపించే దారి లేదు.

ఇంకొక సంగతి మే నెలది. ఏప్రిల్ 15న పద్దు ముగించాక జూన్ 24 దాకా ఫిర్యాదు లేదు. తెల్ల సిమెంటు పనిచేసిందనడానికి అదే రుజువని అందరూ నమ్మారు. అసలు కారణం వేరు. బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే 402లో అద్దెకుండేవాళ్లు పిల్లలతో పుట్టింటికి వెళ్లి జూన్ రెండో వారం దాకా రాలేదు. స్నానాల గది వాడకం లేదు కాబట్టి గోడ ఆరింది. వాళ్లు వచ్చిన పది పన్నెండు రోజులకు మళ్లీ తడిసింది. అప్పటికి వానలు కూడా మొదలయ్యేసరికి నెపం వాన మీదికి పోయింది. ఒకే పద్దు కింద తేదీలన్నీ వరుసగా ఉండి, ‘మే: 402 ఖాళీ, గోడ పొడి’ అని ఒక్క ముక్క రాసి ఉంటే, వానకు ముందు ఏప్రిల్లోనే తడిసిన గోడకు వాన కారణం కాదని ఎవరికైనా తట్టేది.

ఆగస్టులో మేము చేసిన పరీక్ష చాలా చిన్నది, ఖర్చు లేనిది. ముందుగా 402 స్నానాల గదికి వచ్చే నీటి వాల్వు రెండు రోజులు కట్టేసి, నేల వాడకుండా ఉంచాము. గోడ మీద చెమ్మ అంచును పెన్సిలుతో గీసి పక్కన తేదీ వేశాము. అంచు ముందుకు రాలేదు. తర్వాత వాల్వు తెరిచి, నేల మాత్రం వాడవద్దన్నాము. అప్పుడూ రాలేదు. అంటే నీళ్లు తెచ్చే పైపు కారణం కాదు. ఆ పైపులో నీరు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటుంది కాబట్టి, అది చిల్లుపడితే వాడినా వాడకపోయినా కారుతూనే ఉంటుంది. చివరగా నేల మీది నీళ్లు బయటికి పోయే నహాని ట్రాప్ మూతిని గుడ్డతో, ప్లాస్టిక్ సంచితో బిగించి, రెండంగుళాల నీరు నిలిపి, గోడ టైలు మీద నీటిమట్టం దగ్గర గీత పెట్టాము. నలభై ఎనిమిది గంటల తర్వాత మట్టం వేలి మందాన తగ్గింది. కింద 302లో పెన్సిలు గీతను చెమ్మ దాటింది. ట్రాప్ చుట్టూ స్లాబుకు, పైపుకు మధ్య ఉన్న అతుకులోంచి నీరు దిగి, స్నానాల గది కింద పల్లంగా వదిలిన స్లాబులో నింపిన ఇటుక ముక్కల్లో నిలుస్తోందన్నమాట. అక్కడ చెరువులా నిండిన నీరు తీరిగ్గా పక్క గోడలోకి ఇంకుతుంది. వేస్టు పైపు బిగిస్తే ఇది ఆగదు, టైళ్ల సందులు పూడిస్తే కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, బయటి గోడకు రంగు వేస్తే దీనికి తెలియను కూడా తెలియదు.

పరీక్ష ఫలితం పట్టుకుని బిల్డరు దగ్గరికి వెళ్లాము. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, మనం రెరా అని పిలిచేది, 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో ఒక రక్షణ ఇచ్చింది. ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని లోపం ఉందని కొన్నవారు ప్రమోటరు దృష్టికి తీసుకువస్తే, అదనపు సొమ్ము అడగకుండా ముప్పై రోజుల్లో అతను సరిచేయాలి. నీరు దిగకుండా వేయవలసిన పూత సరిగా వేయకపోవడం పనితనపు లోపమే. కానీ మాకు ఫ్లాట్లు స్వాధీనం చేసింది 2019 జూన్ 14న. అయిదేళ్లు 2024 జూన్ 14తో నిండాయి. మేము వెళ్లింది సెప్టెంబరులో. ‘గడువు దాటింది’ అన్న రెండు మాటలతో సంభాషణ ముగిసింది. మార్చి 4 నాటి పద్దు మా పుస్తకంలో ఉంది కదా అని వాదించాము. మీ పుస్తకంలో ఉంటే నాకు చెప్పినట్టు ఎలా అవుతుందని అడిగారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. చట్టం అడుగుతున్నది అతని దృష్టికి తెచ్చామా లేదా అన్నదే. మా పద్దు ప్లంబరు దాకా వెళ్లింది గాని బిల్డరు దాకా వెళ్లలేదు.

ఇప్పుడు ఏప్రిల్ 10వ తేదీకి వెళ్దాం, ఎందుకంటే నా వాదనంతా ఆ రోజు మీదే నిలబడి ఉంది. ఆ రోజు 302 నుంచి రెండో ఫిర్యాదు వచ్చినప్పుడు కొత్తగా 58వ సంఖ్య వేయకుండా, పాత 41వ సంఖ్యనే తిరిగి తెరిచి ఉంటే, రోజుల గడిలో సున్నా కాక 37 కనబడేది. ముప్పై ఏడు రోజులుగా తీరని చెమ్మ అంటే అది పైపు బిగింపుతో పోయేది కాదని ఎవరో ఒకరు ఆలోచించేవారు. అయిదేళ్ల గడువుకు అప్పటికి ఇంకా 65 రోజులు ఉన్నాయి. ఒక ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవడానికి ఒక్క పూట చాలు. కొత్త సంఖ్య వేయడం అన్న చిన్న అలవాటు మమ్మల్ని ఆ ఉత్తరం రాయనివ్వలేదు. చివరికి ఆ పనికి 52 వేల రూపాయలయ్యాయి. సగం 402 యజమాని, సగం సంఘం భరించాము. ఆ సగం ముప్పై ఇళ్లవాళ్లు నెలనెలా కట్టిన సొమ్ములోంచి వెళ్లింది.

కాబట్టి మేము మొట్టమొదట మార్చినది ఇదే. ఒకే చోట, ఒకే లక్షణంతో ఏడాదిలోపు మళ్లీ వచ్చిన ఫిర్యాదుకు కొత్త సంఖ్య ఇవ్వము. పాత పద్దునే తెరుస్తాము. తొలి తేదీ మారదు. రోజులు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తాయి. ఆ తేదీ కూడా మేము మనిషిని పురమాయించిన రోజు కాదు, ఆ ఇంటివాళ్లు చెప్పిన రోజు. చెప్పిన రోజుకూ పురమాయించిన రోజుకూ మధ్య గడిచేది మా ఆలస్యం. దానిని లెక్కలోంచి తీసేసే హక్కు మాకు లేదు.

రెండో మార్పు పద్దు ముగించే పద్ధతిలో. పనివాడు వెళ్లగానే ముగించేది కాదు. నీటికి సంబంధించిన ఫిర్యాదు అయితే పని అయ్యాక ‘పరిశీలన’ అన్న స్థితిలో ముప్పై రోజులు ఉంచుతాము. ఆ ముప్పై రోజులూ ఆ స్నానాల గది మామూలుగా వాడుకలో ఉండాలి. ఇల్లు ఖాళీగా ఉన్న రోజులు పరిశీలనలోకి రావు. తర్వాత ఫిర్యాదు చేసినవారే గోడ చూసి సంతకం పెడతారు. దీనికి మా కమిటీలో గట్టి అభ్యంతరం వచ్చింది. అయిపోయిన పనిని ఇంకా పెండింగు అని చూపిస్తే మన పేరు పోదా అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చెమ్మ విషయంలో అయిపోయిందని పని చేసిన రోజున ఎవరికీ తెలియదు. తడిసిన గోడ లోపల ఆరడానికే వారాలు పడుతుంది. పైన రంగు వేసేస్తే ఆరినట్టు కనబడుతుంది, అంతే. బల్బు, తాళం, కుళాయి వాషరు వంటివి చేసిన రోజునే తేలిపోతాయి, వాటికి ఈ పరిశీలన అక్కరలేదు. లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోవడం, మీటరు బోర్డు దగ్గర నిప్పురవ్వలు రావడం అసలు ఈ రిజిస్టరులోకి వచ్చే విషయాలే కావు. వాటిని గంటలతో, ఫోన్లతో చూసుకోవాలి, రోజులతో కాదు.

మూడో మార్పు నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది. ‘ఎవరికి అప్పగించాం’ అన్న గడి తీసేసి దాని స్థానంలో ‘ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది’, ‘ఎప్పటి నుంచి’ అని రెండు గడులు పెట్టాము. అప్పగించిన పేరు ఒకసారి రాస్తే అలాగే ఉండిపోతుంది, పని మాత్రం చేతులు మారుతూనే ఉంటుంది. చేయి మారిన ప్రతిసారీ పాత వరుస కింద ఒక కొత్త వరుస రాస్తాము. పద్దు సంఖ్య అదే, తొలి తేదీ అదే, చేయి మాత్రం కొత్తది. 302 పద్దును ఇలా తిరిగి రాసి చూసినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ ముందు కూర్చున్నాను.

ఆ పద్దు చివరికి డిసెంబరు 15న ముగిసింది. మార్చి 4 నుంచి లెక్కిస్తే 286 రోజులు. అందులో మొదటి మూడు విడతల్లో పనివాళ్ల చేతిలో ఉన్నవి 12. ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 3 దాకా పరీక్షలకు 15. ఆ తర్వాత 402 యజమాని, ఆయన వేరే ఊళ్లో ఉంటారు, టైళ్లు పగలగొట్టడానికి ఒప్పుకునేదాకా 36. ఖర్చు ఎవరెంత పెట్టాలో తేల్చి కమిటీ డబ్బు మంజూరు చేసేదాకా, అంటే అక్టోబరు 27 ఆదివారం సమావేశం దాకా, 18. దీపావళికి ఊరెళ్లిన తాపీమేస్త్రీ వచ్చేదాకా 8. టైళ్లు తీసి, తడిసిన ఇటుక ముక్కలన్నీ ఎత్తిపోసి, ట్రాప్ అతుకు కొత్తగా చేసి, నీరు దిగని పూతను నేలతో పాటు గోడల మీదికి అడుగు ఎత్తుదాకా వేసి, మళ్లీ నలభై ఎనిమిది గంటలు నీళ్లు నిలిపి చూడటానికి 11. పరిశీలనకు 30. మిగిలిన 156 రోజులు ఎవరి చేతిలోనూ లేవు. పుస్తకం ‘పూర్తయింది’ అన్న రోజులవి. పరీక్షల రోజులు, మేస్త్రీ కోసం ఆగిన రోజులు కూడా కలుపుకుంటే పనివాళ్ల ఖాతాలో పడేవి 46 రోజులు, మిగతా 240 రోజులు మా ఖాతాలోవో, యజమాని ఖాతాలోవో, గోడ ఆరడానికి పట్టినవో.

ఇన్నేళ్లుగా మా సమావేశాల్లో వినబడే మాట ‘ప్లంబరు తిప్పుతున్నాడు’ అన్నదే. ఇలా విడదీసి చూస్తే ఎక్కువ ఆలస్యం ప్లంబరు దగ్గర కనబడలేదు. ఒప్పుకోలు దగ్గర, డబ్బు దగ్గర, అన్నింటికంటే ఎక్కువగా మేము కళ్లు మూసుకున్న చోట కనబడింది. రోజులను చూపి పనివాడి కూలి కోసే సంఘాలు ఉన్నాయని విన్నాను. అలా చేస్తే జరిగేది ఒక్కటే. అతను పని ముగిసినట్టు తొందరగా చెబుతాడు, మనం తొందరగా రాసుకుంటాం, చెమ్మ తీరిగ్గా తిరిగి వస్తుంది. ఇప్పుడు మేము ఏ పనివాడిని పిలిచినా ముందు ఆ పద్దు పేజీ చూపిస్తాము. ముందు ఎవరు వచ్చారు, ఏం విప్పారు, ఏం బిగించారు, ఎన్నాళ్లకు తిరిగి వచ్చింది అన్నది చదివాకే పనిముట్ల సంచి తెరవమంటాము. ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాము. అనుమతి ఆలస్యమైన చోట యజమాని పేరు రాయకుండా ‘పై ఫ్లాటు అనుమతి’ అని మాత్రమే రాస్తాము. పుస్తకం అందరూ చూస్తారు, ఇరుగుపొరుగు మనసులు విరగకూడదు.

పుస్తకంతో పాటు కంప్యూటరులో కూడా ఒక పట్టిక పెట్టుకున్నాము, రోజులు చేత్తో లెక్కపెట్టే శ్రమ తప్పుతుందని. అందులో పద్దుకు ఒక్క వరుసే ఉంటుంది, చేయి మారినప్పుడు ఆ రెండు గడులే దిద్దుతాము. పూర్వాపరాలన్నీ పుస్తకంలో ఉంటాయి. B గడిలో తొలి తేదీ, F గడిలో ఇప్పటి చేతిలోకి వచ్చిన తేదీ, G గడిలో ముగిసిన తేదీ అనుకుంటే, మొత్తం రోజులకు, ఇప్పటి చేతిలో గడిచిన రోజులకు ఈ రెండు సూత్రాలు చాలు:

```
=IF(B2="","",IF(G2="",TODAY(),G2)-B2)
=IF(OR(F2="",G2<>""),"",TODAY()-F2)
```

సూత్రం తేలికే, తేదీలే ఇబ్బంది పెట్టాయి. మనకు తేదీని చుక్కలతో 4.3.2024 అని రాసే అలవాటు ఉంది. పట్టిక చాలాసార్లు దానిని తేదీగా గుర్తించక అక్షరాలుగా తీసుకుంటుంది, అప్పుడు రోజుల గడిలో `#VALUE!` అని వస్తుంది. అది కనబడే తప్పు కాబట్టి దిద్దుకుంటాం. కనబడని తప్పు ఇంకొకటి ఉంది. 4/3/2024 అని రాసినప్పుడు, పట్టిక అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే దానిని ఏప్రిల్ 3గా చదువుతుంది. మార్చి 4 నాటి ఫిర్యాదుకు చడీచప్పుడు లేకుండా 30 రోజుల వయసు తగ్గిపోతుంది. తేదీ సంఖ్య పన్నెండు దాటినవి అలా మారలేక అక్షరాలుగానే ఉండి `#VALUE!` చూపుతాయి కాబట్టి వాటిని దిద్దుకుంటాం, పన్నెండు లోపువి మాత్రం తప్పుగానే ఉండిపోయినా ఎవరికీ అనుమానం రాదు. అందుకని మేము 2024-03-04 అని సంవత్సరం ముందు పెట్టి మాత్రమే రాస్తాము. రోజుల గడిలో అంకెకు బదులు 1900 నాటి తేదీ ఏదో కనబడితే కంగారు పడనక్కరలేదు, ఆ గడి తేదీ రూపంలో ఉందని అర్థం. దానిని సంఖ్య రూపానికి మార్చితే సరిపోతుంది.

ఈ పట్టికను నెలకొకసారి ఎలా చదవాలన్నది మరో మాట. ముగిసిన పద్దుల సగటును ఇప్పుడు సమావేశంలో చదవడం మానేశాము. ఆ సగటులో తెరిచి ఉన్న పద్దులు ఉండవు కాబట్టి, పాత జబ్బు ఎంత ముదిరినా అది మంచిగానే కనబడుతుంది. దానికి బదులు తెరిచి ఉన్నవాటినే, వయసులో పెద్దది పైకి వచ్చేలా పేర్చి, మొదటి అయిదు చదువుతాము. గోదావరి హెచ్చరికల లాగే మేమూ మూడు గీతలు పెట్టుకున్నాము. ఏడు రోజులు దాటితే కార్యదర్శి స్వయంగా ఆ ఇంటికి వెళ్లి చూడాలి. పదిహేను దాటితే కమిటీలో పెట్టాలి. ముప్పై దాటితే అది లక్షణమా, లోపమా అని తేల్చే పరీక్ష చేయించాలి. లోపమని తేలి, అయిదేళ్ల గడువు ఇంకా ఉంటే, బిల్డరుకు రాతపూర్వకంగా తెలిపి ఆ రసీదును పద్దు పక్కనే అంటించాలి. మా భవనానికి ఆ గడువు దాటిపోయింది. కానీ మా వీధిలోనే కొత్తగా కట్టిన రెండు అపార్ట్‌మెంట్లకు ఇంకా ఉంది. వాళ్ల కార్యదర్శులతో కూర్చుని, స్వాధీనం చేసిన తేదీని రిజిస్టరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించాను.

ఈ వారం మా పట్టికలో అన్నింటికంటే పైన ఉన్నది లిఫ్టు గుంతలో ఊరే నీటి సంగతి. కాలువలకు నీరు వదిలిన తర్వాత మొదలై, ఎత్తిపోసినా రెండు రోజుల్లో మళ్లీ ఊరుతోంది. అది నిజంగానే నేల నీరు, ఇక్కడ మన ఊరి మీద నెపం వేయడం న్యాయమే. వయసు 61 రోజులు. గుంత లోపలి గోడలకు పూత వేసే మేస్త్రీ వచ్చి చూసి, పని చెప్పి, అంచనా కాగితం ఇచ్చి వెళ్లి 44 రోజులైంది. మరో ఇద్దరి దగ్గర అంచనాలు తెచ్చి కమిటీ ముందు పెట్టవలసింది కార్యదర్శి. ‘ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది’ అన్న గడిలో 44 రోజులుగా నా పేరే ఉంది. ఆదివారం సమావేశంలో మొదట చదవబోయేది ఆ వరుసనే.